వాడ లెక్క – 7: క్లీనింగ్‌కి సున్నా రూపాయలు

2021 సెప్టెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టులో ఒక అఫిడవిట్ వేసింది. 2011 సామాజిక ఆర్థిక కులగణనలో సేకరించిన కుల వివరాలు మాకు ఇవ్వండి అని మహారాష్ట్ర ప్రభుత్వం అడిగింది. ఇవ్వం, అవి వాడుకునే స్థితిలో లేవు అని చెప్పడానికి వేసిన అఫిడవిట్ అది. 1931 జనగణనలో దేశం మొత్తం మీద తేలిన కులాల సంఖ్య 4,147. 2011లో జనం చెప్పింది చెప్పినట్టు రాసుకుంటూ పోతే వచ్చిన పేర్లు 46 లక్షలకు పైగా. మహారాష్ట్రలో జాబితాలో ఉన్న కులాలు 494 అయితే, లెక్కలో తేలినవి 4,28,677. కేరళలో మాప్పిళ్ల అనే ఒక్క పేరునే నలభై రకాల స్పెల్లింగులతో రాసేసరికి నలభై కులాలయ్యాయి.

ఎందుకిలా జరిగిందో కూడా అందులో రాశారు. లెక్కకు వెళ్లేముందు కులాల రిజిస్టర్ తయారు చేసుకోలేదు. ఎన్యూమరేటర్లు ఒకే కులాన్ని తలా ఒకలా రాశారు. చదివితే తప్పంతా ఆ ఎన్యూమరేటర్లదే అనిపిస్తుంది. కానీ గడప ముందు నిలబడి, వినపడింది వినపడినట్టు టైప్ చేయించిన మనిషి చేతికి ఎంచుకోవడానికి జాబితా ఎవరిచ్చారు? ఆ జాబితా తయారు చేయడానికి, దాన్ని వాడడం నేర్పడానికి, వచ్చిన పేర్లను కూర్చుని సరిచూడడానికి ఎవరు ఎన్ని రోజులు కేటాయించారు? ఆ గణనకు అయిన ఖర్చు సుమారు 4,893 కోట్లు. మొదటిసారి ఎలక్ట్రానిక్ టాబ్లెట్‌లతో చేశామని గొప్పగా చెప్పుకున్నారు. టాబ్లెట్ వెళ్లింది, జాబితా వెళ్లలేదు. పదేళ్ల తర్వాత కోర్టులో నిలబడి లెక్క పనికిరాదన్నారు. ఆ లెక్క మీద ఆశ పెట్టుకున్నవాళ్ల సంగతి ఎవరూ అడగలేదు.

2027 జనగణనలో కులం కూడా అడుగుతామని 2025 ఏప్రిల్ 30న కేంద్రం ప్రకటించింది. మనవాళ్లందరం ప్రశ్నాపత్రంలో ఏముంది, ఏ కాలమ్ లేదు అని కొట్లాడుతున్నాం. కొట్లాడాల్సిందే. కానీ మిత్రులారా, సర్వేలో రాజకీయం ప్రశ్నల్లో ఎంత ఉంటుందో బడ్జెట్ కాగితంలో అంత ఉంటుంది. ఎన్యూమరేటర్‌కి రోజుకి ఎంత, ట్రైనింగ్ ఎన్ని రోజులు, దూరపు వాడకి పోయే బండికి ఎంత, టాబ్లెట్‌లకి ఎంత, వచ్చిన డేటాను క్లీన్ చేయడానికి ఎంత. ఈ ఐదు వరుసల్లో ఎక్కడ కోత పడిందో చూస్తే, ఆ లెక్కలో ఎవరు తగ్గిపోతారో సర్వే మొదలుకాక ముందే చెప్పొచ్చు. ఊరు తగ్గదు. వాడ తగ్గుతుంది. వాడలోనూ చివరి గుడిసె తగ్గుతుంది.

ఈ మాట ప్రభుత్వానికి మాత్రమే అనుకోకండి. మొన్న మా దగ్గర పీజీ చదివే ముగ్గురు పిల్లలు ఒక బడ్జెట్ షీట్ పట్టుకుని వచ్చారు. రెండు జిల్లాల్లో 60 ఊళ్లు, ఒక్కో ఊరి ఎస్సీ వాడలో 20 ఇళ్లు, మొత్తం 1,200 ఇళ్ల సర్వే. భూమి, చదువు, స్కాలర్‌షిప్, అప్పు, ఎస్సీల్లో ఏ కులం అనే ప్రశ్నలు. ఒక సంస్థ ఏడున్నర లక్షలు ఇస్తానంది. షీట్ వేసింది మనవాళ్లే, ఉద్యమంలో ఇరవై ఏళ్లున్నవాళ్లు.

టాబ్లెట్‌లు పదిహేను, ఒక్కోటి పద్దెనిమిది వేలు, మొత్తం 2,70,000. ఎన్యూమరేటర్లకు ఫారానికి వంద చొప్పున 1,20,000. ట్రైనింగ్ ఒక రోజు, 15,000. ప్రయాణాలు గుండుగుత్తగా 60,000. రిపోర్ట్ ఆవిష్కరణ సభ, హాలు, వీడియో కలిపి 1,50,000. సలహాదారు ఫీజు లక్ష. రిపోర్ట్ ప్రింటింగ్ 35,000. కూడితే సరిగ్గా ఏడున్నర లక్షలు. డేటా క్లీనింగ్ అనే వరుసే లేదు. అడిగితే, "అది మనమే చూసుకుంటాం కదా మేడమ్" అన్నారు.

నేను ఆ షీట్ పక్కన పెట్టి పిల్లలతో రోజులు లెక్కపెట్టించాను. సర్వే బడ్జెట్ ఎప్పుడూ రూపాయలతో మొదలుపెట్టకూడదు, మనుషుల రోజులతో మొదలుపెట్టాలి.

వాళ్ల ప్రశ్నాపత్రం పూర్తిచేయడానికి యాభై నిమిషాలు పడుతుంది. యాభై నిమిషాలంటే ఎనిమిది గంటల్లో తొమ్మిది ఇళ్లు అవుతాయి కదా అని లెక్కేసేవాళ్లు ఎప్పుడూ వాడకి పోయి కూర్చున్నవాళ్లు కాదు. ఇల్లు వెతకాలి. ఎందుకొచ్చామో చెప్పాలి. ఇంటావిడ పొయ్యి మీద అన్నం దించేదాకా ఆగాలి. మధ్యలో పక్కింటాయన వచ్చి "మాకు ఇల్లు రాలేదు, అది రాసుకో" అంటే వినాలి. రోజుకి ఐదు ఇళ్లు అయితే మంచి పని. అంటే 1,200 ఇళ్లకు 240 మనిషి రోజులు.

అంతకుముందు ఇంకో పనుంది, మన షీట్‌లో దాని పేరే లేదు. వాడలో ఉన్న ఇళ్లన్నీ రాసుకుంటేనే కదా అందులోంచి ఇరవై ఎంచుకునేది! దాన్ని లిస్టింగ్ అంటారు. ఎనభై ఇళ్ల వాడకి ఒక మనిషికి ఒక రోజు పడుతుంది, అరవై ఊళ్లకు అరవై రోజులు. ఇది చేయకపోతే ఏమవుతుంది? ఎన్యూమరేటర్ రోడ్డు పక్కనున్న స్లాబు ఇళ్లతో మొదలుపెట్టి, తలుపు తీసి ఉన్నవి ఇరవై చేసుకుని వచ్చేస్తాడు. వెనక బజారులో డోర్ నంబరు లేని రేకుల షెడ్డు, చెరువు కట్ట కింద గుడారం వేసుకున్న బుడగ జంగాల కుటుంబం ఆ ఇరవైలోకి ఎప్పటికీ రావు.

మూడోది తాళం వేసిన ఇళ్లకి మళ్లీ పోవడం. దానికి ముప్పై రోజులు పెట్టాం. మొత్తం 330 రోజులు. పదిమందికి ముప్పై మూడు రోజుల పని.

ఇప్పుడు రూపాయలు పెట్టి చూడండి. 1,20,000ను 330తో భాగిస్తే రోజుకి 364 రూపాయలు. మధ్యాహ్నం తిండి, సెల్ రీఛార్జ్ అందులోనే. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి 307. డిగ్రీ చదివిన దళిత పిల్లవాడికి, వాళ్ల వాడ గురించి వాళ్లనే అడిగి రాసుకొచ్చే పనికి, తిండి ఖర్చు తీస్తే ఉపాధి పని కన్నా తక్కువ మిగులుతుంది. "మన సమాజం కోసమే కదా, పైసలు లెక్కేస్తారా" అని అడిగే పెద్దలు మనలో ఉన్నారు. మన తాతలు చేసిన పనికి వెట్టి అని పేరు. దాన్ని ఉద్యమం పేరుతో పిలిస్తే తీపి అవుతుందా? సభకి, వీడియోకి లక్షా యాభై వేలు పెట్టగలిగినప్పుడు ఈ మాట అసలు అనకూడదు.

న్యాయం సంగతి పక్కన పెట్టినా ఫారానికి ఇంత అనే లెక్క డేటాను కూడా చంపుతుంది. ఎలాగో చూడండి. ఫారంలో కొన్ని ప్రశ్నలు గేటులాంటివి. "ఇంట్లో ఎవరి పేరునైనా భూమి ఉందా?" అన్నదానికి ఉంది అని రాస్తే, వెంటనే ఒక్కో చెక్క గురించి పన్నెండు ప్రశ్నలు తెరుచుకుంటాయి. పట్టానా, అసైన్డా, పాస్‌బుక్ వచ్చిందా, సాగు ఎవరు చేస్తున్నారు, కౌలుకిచ్చారా. లేదు అని రాస్తే ఆ పన్నెండూ మాయం. ఫారానికి వంద ఇచ్చి, బండి ఖర్చు కూడా నీదే అంటే, మొదటి వారం నిజాయితీగా అడిగినవాడికి కూడా రెండో వారానికి వేలు "లేదు" మీదకే పోతుంది. ఆ పిల్లవాడు చెడ్డవాడని కాదు. సాయంత్రానికి ఐదు వందలు కావాలంటే అదొక్కటే దారి అని రేటు అతనికి నేర్పింది. ఫలితం ఏమిటంటే, ఆ రెండు జిల్లాల్లో దళితులకు అసైన్డ్ భూములు పెద్దగా లేవు అని మన సర్వేయే తేలుస్తుంది. ఆ కాగితం రేపు ఎవరికి పనికొస్తుందో నేను చెప్పక్కర్లేదు.

దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు, పట్టుకునే మనిషికి జీతం ఉంటే. ఒక్కో ఎన్యూమరేటర్ రాసిన కుటుంబాల సగటు సైజు వారం వారం చూడాలి. మొదటి వారం ఇంటికి 4.3 మంది ఉండి, మూడో వారానికి 3.2 అయితే ఆ ఊళ్లలో జనం తగ్గలేదు, ఫారంలో మనుషులు తగ్గారు. ఒక్కో మనిషికి ఇరవై ప్రశ్నలు ఉన్నచోట ముసలమ్మనో, వలసపోయిన కొడుకునో రాయకుండా వదిలేస్తే పది నిమిషాలు మిగులుతాయి. ఫారం తెరిచిన టైము, మూసిన టైము చూడాలి. యాభై నిమిషాల ఫారం పదిహేను నిమిషాల్లో అయితే అడగాలి. జీపీఎస్ చుక్కలు మ్యాప్ మీద పెడితే, పది ఇళ్లూ ఒకే టీ కొట్టు దగ్గర పడితే అడగాలి. అన్నిటికన్నా ముఖ్యం, పదింట ఒక ఇంటికి వేరే మనిషి మళ్లీ పోయి, ఎంతమంది ఉంటారు, భూమి ఉందా, ఏ కులం అని నాలుగే ప్రశ్నలు అడిగి పోల్చాలి. దాన్ని బ్యాక్‌చెక్ అంటారు. 120 ఇళ్లకు, ప్రయాణంతో కలిపి, ఇరవై వేలతో అయిపోయే పని. మన షీట్‌లో అదీ లేదు.

పోయిన ఎండాకాలం మా పిల్లలు కొందరు ఒక ఏజెన్సీకి ఫారం లెక్కన పనిచేశారు. బ్యాక్‌చెక్‌లో తేడా వస్తే ఆ ఫారం డబ్బులు కోసేశారు. కోత ఉంటే చాలు, క్వాలిటీ వచ్చేస్తుందని వాళ్ల నమ్మకం. పిల్లలు నేర్చుకుంది మాత్రం వేరే. బ్యాక్‌చెక్ చేసేవాడు ఏ నాలుగు ప్రశ్నలు అడుగుతాడో కనుక్కుని, ఆ నాలుగూ సరిగ్గా రాయడం నేర్చుకున్నారు. రోజు కూలి ఇచ్చి, తప్పు దొరికినప్పుడు కోయకుండా మళ్లీ పంపిస్తేనే నిజం బయటికి వస్తుంది. మళ్లీ పంపడానికి రోజులు కావాలి. రోజులకు డబ్బు కావాలి.

ట్రైనింగ్ గురించి. ఒక రోజు ట్రైనింగ్ అంటే పొద్దున పరిచయాలు, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం యాప్ ఇన్‌స్టాల్ చేసుకోవడం. అంతే. కులం అడగడం ఎలాగో దానిలో ఎవరూ నేర్చుకోరు. తెలంగాణలో ఎస్సీ జాబితాలో 59 కులాలున్నాయి. వర్గీకరణ కింద 2025 ఏప్రిల్ 14 నుంచి వాటిని మూడు గ్రూపులు చేశారు. అంటే ఇప్పుడు "ఎస్సీ" అని రాసుకుని వచ్చేస్తే ఆ ఫారం వృథా. వర్గీకరణ మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు, లెక్క మాత్రం ఇద్దరికీ కావాలి.

"మీ కులం ఏంటి?" అని అడిగితే ఒకాయన "హరిజనులం" అంటాడు. ఇంకొకావిడ "ఎస్సీ" అంటుంది. ఇంకొకరు సర్టిఫికెట్ చూపించి "ఆది ఆంధ్ర" అంటారు. ఆది ఆంధ్ర అనేది జాబితాలో విడిగా ఉన్న పేరు. ఆ పేరుతో సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లలో మాలలూ ఉన్నారు, మాదిగలూ ఉన్నారు. తర్వాత ఆఫీసులో కూర్చుని ఎవరు ఏదో తేల్చడానికి ఏ మార్గమూ లేదు. గడప దగ్గరే రెండో ప్రశ్న అడగాలి, సర్టిఫికెట్‌లో ఏముంది, ఇంట్లో మీరు ఏమని చెప్పుకుంటారు అని. చర్చికి పోయే కుటుంబం అయితే ఈ ప్రశ్నకి భయపడుతుంది, రిజర్వేషన్ పోతుందేమోనని. అప్పుడు ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు, ఎప్పుడు ఆ ప్రశ్న వదిలేయాలి? ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చి "వాళ్లందరి సంగతి నాకు తెలుసు, రాసుకో" అని కూర్చుంటే ఆయన్ని ఎలా లేపాలి? ఎన్యూమరేటర్ దళిత అమ్మాయి అయితే, ఆమెనే ముందు "నీదే కులం?" అని అడుగుతారు. దానికి ఆమె ఏం చెప్పాలో ఆమెకే వదిలేసి పంపిస్తున్నాం.

ఇవన్నీ స్లయిడ్‌లు చూపిస్తే రావు. ఒకరు ఇంటావిడగా, ఒకరు ఎన్యూమరేటర్‌గా కూర్చుని తప్పులు చేస్తూ నేర్చుకోవాలి. నాలుగు రోజులు గదిలో, రెండు రోజులు సర్వేలో లేని ఒక వాడలో. పదిమంది కావాలంటే పన్నెండు మందికి నేర్పాలి, ఇద్దరు మానేస్తారు. ట్రైనింగ్ రోజులకు కూడా పూర్తి కూలి ఇవ్వాలి. లేకపోతే ఆరు రోజులు కూలి లేకుండా ఉండగలిగినవాళ్లే వస్తారు, వాళ్లు ఏ ఇళ్ల నుంచి వస్తారో మీకు తెలుసు. అన్నీ కలిపి లక్ష అవుతుంది. మన షీట్‌లో పదిహేను వేలు.

ప్రయాణాల వరుసని అందరూ గుండుగుత్తగా రాస్తారు. నాకు మాత్రం బడ్జెట్‌లో కులం బాగా కనపడేది అక్కడే. 2024 నవంబర్ 6న తెలంగాణలో ఇంటింటి కుల సర్వే మొదలైంది గుర్తుందా? ఒక్కో ఎన్యూమరేటర్‌కి దాదాపు 150 ఇళ్లు, 75 దాకా ప్రశ్నలు. టీచర్లు పొద్దున బడి చెప్పి మధ్యాహ్నం నుంచి ఇళ్లకు తిరిగారు. నవంబర్ మధ్యాహ్నం వాడలో ఎవరుంటారు? పత్తి ఏరడానికో, వరి కోతలకో పోయినవాళ్లు చీకటి పడ్డాకే వస్తారు. ఊళ్లో పెద్ద ఇళ్లు తెరిచే ఉంటాయి. చివరికి 3 శాతానికి పైగా మిగిలిపోయారని 2025 ఫిబ్రవరిలో మళ్లీ ఒక విడత నడపాల్సి వచ్చింది. మిగిలినవాళ్లలో హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లలో తలుపు తీయనివాళ్లు చాలామంది ఉన్నారు, కాదనను. కానీ తలుపు తీయనివాళ్లూ, తలుపు దగ్గర లేనివాళ్లూ ఒకటి కాదు. మొదటివాళ్లు లెక్కలో లేకపోయినా వాళ్లకి పోయేదేమీ లేదు.

కూలికి పోయే ఇల్లు దొరకాలంటే పొద్దున ఆరుకి ముందు ఉండాలి, లేదా రాత్రి ఏడు తర్వాత. ఆ వేళకి బస్సు ఉండదు. ఊళ్లో పడుకోవాలి, లేదా బండి కట్టించుకోవాలి. ముప్పై మూడు రోజులకు రెండు బళ్లు, పన్నెండు మందికి తిండి, బస లెక్కేస్తే రెండున్నర లక్షలు దాటుతుంది. అరవై వేలు పెడితే ఏమవుతుంది? ఆడపిల్లలు ముందు మానేస్తారు. రాత్రి ఎనిమిదింటికి రోడ్డు మీద ఆటో కోసం నిలబడమని ఏ తల్లి పంపుతుంది? ఆడపిల్లలు లేకపోతే ఇంటావిడతో మాట్లాడేవాళ్లు లేరు. అప్పు ఎవరి పేరున ఉంది, డ్వాక్రా వాయిదా ఎవరు కడుతున్నారు అనేవి మగవాళ్లని అడిగి రాసుకొస్తాం.

టాబ్లెట్‌ల గురించి ఎక్కువ రాయను. ఫారం నింపే యాప్‌లు మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లో నడుస్తాయి. ఓడీకే పూర్తిగా ఓపెన్ సోర్స్. 2027 జనగణన కూడా ఎన్యూమరేటర్ల సొంత ఫోన్లలోనే అంటున్నారు. పిల్లల ఫోన్ వాడుకుంటే వాళ్లకి అద్దె కట్టాలి, డేటా ప్యాక్ వేయించాలి, పవర్ బ్యాంక్ ఇవ్వాలి. ఫోన్ లేనివాళ్ల కోసం నాలుగు కొనాలి. టాబ్లెట్ వరుస ఎందుకు ఎప్పుడూ లావుగా ఉంటుందంటే దానికి బిల్లు ఉంటుంది, సీరియల్ నంబర్ ఉంటుంది, ప్రాజెక్టు అయ్యాక ఆఫీసులో మిగులుతుంది. నడిచిన కాళ్లకి బిల్లు ఉండదు కదా.

ఇక క్లీనింగ్. "అది మనమే చూసుకుంటాం" అన్నారే, అది.

మాష్టి అనే పేరు తీసుకోండి. ఎస్సీ జాబితాలో మాష్టి వేరు, మాల మాష్టి వేరు, మాదిగ దాసు లేక మాష్టీన్ అని ఇంకొకటి వేరు. ఎన్యూమరేటర్ ఇంగ్లిష్ అక్షరాల్లో `Masti` అని కొట్టాడు. ఇది మూడింట్లో ఏది? `Dasari` అని ఉంది. మాల దాసరి, హొలేయ దాసరి ఎస్సీలు, దాసరి బీసీ. `Jangam` అంటే బీసీ జాబితాలో ఉన్న జంగమా, బుడగ జంగమా, మాల జంగమా? నేతకాని అని ఒకరు చెబితే, నేత అనుకుని సాలె కింద వేసేసే ప్రబుద్ధులుంటారు. నేతకాని, మాల సాలె ఎస్సీలు. ఇవి స్పెల్లింగ్ తప్పులు కావు. కంప్యూటర్‌లో దగ్గరి పేర్లన్నీ కలిపేయడం నిమిషం పని. ఆ నిమిషంలో మాష్టి అనే కులం మాయమైపోతుంది, పెద్ద కులం సంఖ్య కొంచెం పెరుగుతుంది. చిన్న కులాలన్నిటికీ ఇలాగే జరుగుతుంది, ఎందుకంటే చిన్న పేరుకి ఎప్పుడూ దగ్గర్లో ఒక పెద్ద పేరు ఉంటుంది.

నేను తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని, ఈ పని నాకు కొత్తగా అనిపించలేదు. తాటాకు ప్రతులు ముందేసుకుని పాఠ పరిష్కరణ చేసేవాళ్లకి మొదటి నియమం, అసలు ప్రతిలో ఉన్నదాన్ని చెరపకూడదు. నీకు సరి అనిపించింది పక్కన రాయి, పాఠాంతరం అని కింద చూపించు, ఎందుకు మార్చావో చెప్పు. బ్రౌన్ దొర కడపలో పండితులను కూర్చోబెట్టి, సొంత డబ్బుతో జీతాలిచ్చి ప్రతులు సరిచూపించాడని మనం పరీక్షల్లో రాస్తాం. పద్యంలో ఒక అక్షరం కోసం జీతమిచ్చి మనిషిని పెట్టారు. మనిషి కులం పేరులో అక్షరానికి మాత్రం ఎవరో ఒకరు ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే సరిపోతుందా?

డేటాలోనూ అదే నియమం. మనిషి చెప్పింది ఒక కాలమ్‌లో అలాగే ఉండాలి, ఎవరూ ముట్టుకోకూడదు. సరిచేసింది పక్క కాలమ్‌లో. ఎవరు మార్చారు, ఏ ఆధారంతో, ఇంకో కాలమ్‌లో. తేలని పేర్లను ఆ జిల్లాలోని ఆ కులాల పెద్దలని రెండు రోజులు పిలిచి, దారి ఖర్చులు, రోజు కూలి ఇచ్చి, కూర్చోబెట్టి అడగాలి. అయినా తేలకపోతే "తేలలేదు" అని రాయాలి, "ఇతరులు" అని కాదు. ఈ మనిషి సర్వే మొదటి రోజు నుంచే కూర్చోవాలి. మూడో రోజు `Masti` కనపడితే నాలుగో రోజు ఎన్యూమరేటర్‌కి ఫోన్ చేసి, పక్క ఊళ్లోనే ఉన్నావు కదా, ఒకసారి వెళ్లి అడిగి రా అనొచ్చు. రెండు నెలల తర్వాత కనపడితే ఎవరికి ఫోన్ చేస్తాం? అప్పటికి ఆ పిల్లలు డీఎస్సీ కోచింగ్‌లో ఉంటారు. రెండు నెలలకు ఒక మనిషి జీతం, పెద్దల సమావేశం కలిపి ఎనభై ఐదు వేలు. మనవాళ్లు సున్నా పెట్టారు. 46 లక్షల కులాలు పుట్టింది ఇలాంటి సున్నాల్లోంచే.

సూపర్‌వైజర్లతో కలిపి అన్నీ న్యాయంగా రాస్తే బడ్జెట్ పది లక్షలకు దగ్గరైంది. చేతిలో ఉన్నది ఏడున్నర. పిల్లలు మొహాలు వేలాడేశారు. రోజు కూలి తొమ్మిది వందల నుంచి ఆరు వందలకి దించుదామా అన్నాడు ఒకడు. వద్దు, ఇళ్లు తగ్గించండి అన్నాను. 1,200 ఇళ్లు 900 చేయండి. ఊళ్లు మాత్రం తగ్గించకండి, అరవై ఊళ్లూ ఉంచి ఊరికి ఇరవై బదులు పదిహేను తీసుకోండి. ఒకే వాడలో ఇళ్లు ఒకదానికొకటి పోలి ఉంటాయి, ఇరవయ్యో ఇల్లు కొత్తగా చెప్పేది తక్కువ. 1,200 ఇళ్లతో వచ్చే శాతంలో అటూ ఇటూ మూడు ఉండే చోట, 900తో మూడున్నర అవుతుంది, అంతే నష్టం. అబద్ధం ఫారాల నష్టం అలా కొలవలేం. అవి 1,200 కాదు, 12,000 చేసినా అబద్ధం అబద్ధంగానే ఉంటుంది. ఒక హద్దు మాత్రం వాళ్లకి చెప్పాను. నూటికి ఒకరున్న కులం గురించి 900 ఇళ్లలో దొరికేది తొమ్మిది ఇళ్లు, 1,200 చేసినా పన్నెండే. దానితో ఆ కులం గురించి శాతాలు రాయకూడదు. వాళ్ల కోసం విడిగా సర్వే చేయాల్సిందే.

అలా చేస్తే పని 262 రోజులకు తగ్గింది. కూలి 2,36,000, ప్రయాణాలు, బస 1,98,000, ట్రైనింగ్ లక్ష, సూపర్‌వైజర్లకు 79,000, ఫోన్లకి 65,000, బ్యాక్‌చెక్‌కి 15,000, క్లీనింగ్‌కి 80,000. మొత్తం 7,73,000. ఆవిష్కరణ సభ తీసేశాం, కాలేజీ చెట్టు కింద చదువుకోవచ్చు. ప్రింటింగ్ తీసేసి పీడీఎఫ్ చేశాం. సలహాదారు ఫీజు లక్ష కొట్టేశాను. (ఆ సలహాదారు నేనే. రెండు మీటింగులకు వచ్చి టీ తాగినందుకు లక్ష!) ఇంకో 23,000 తక్కువ పడుతోంది, సంస్థని అడగమన్నాను.

ఆ సంస్థ నుంచి నిన్న జవాబు వచ్చింది. ఫీల్డ్ ఖర్చు మరీ ఎక్కువ ఉందట, టాబ్లెట్‌లు పెడితే పరిశీలిస్తారట, ఎన్యూమరేటర్లుగా "వాలంటీర్లు" దొరకరా అని అడిగారు. పిల్లలు జవాబు రాస్తున్నారు. 330 రోజుల లెక్కా, రోజుకి 364 రూపాయల లెక్కా అందులో పెట్టమన్నాను. ఆ కూలికి సంస్థ ఆఫీసులో ఎవరైనా ముప్పై మూడు రోజులు వాడల్లో తిరగడానికి ముందుకొస్తే, వాళ్లని ట్రైనింగ్‌కి తీసుకుంటామని కూడా రాయమన్నాను.

వచ్చే భాగంలో లిస్టింగ్ గురించి వివరంగా. డోర్ నంబర్ లేని ఇల్లు మ్యాప్‌లోకి ఎలా వస్తుందో.